వెలిసిన ఫోటోలోంచి అమ్మమ్మ పెళ్ళిచీరను తిరిగి తేవడం ఎలా

మా అమ్మమ్మ పెళ్ళిఫోటో ఒక్కటే మిగిలింది. అరచేతిలో పట్టేంత నలుపు-తెలుపు ప్రింటు. నలుపు గోధుమరంగుకి తిరిగింది, తెలుపు పసుప్పచ్చగా మారింది, అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. చీర మీద అంచేదో ఒళ్ళేదో కూడా సరిగ్గా తెలియదు. దాన్ని రంగుల్లో పెద్దదిగా చేసి, ఆవిడకి తెలియకుండా చేతిలో పెట్టాలనుకున్నాను. మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోకుండానే గడిచాయి, మీకూ అలాగే గడవచ్చు. నలుపు-తెలుపు ఫోటోలో చీర రంగు ఉండదు, ఎంత లాగినా రాదు. దాన్ని బయట ఎక్కడో వెతికి తేవాలి.

ముందు స్కాన్

ఫోటోని తడిగుడ్డతో తుడవకండి. బొమ్మ ఉండేది జిలటిన్ పొరలో, తడి తగిలితే అది ఉబ్బి వేలికి అంటుకుని వచ్చేస్తుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఫోటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, అద్దంతో సహా స్కాన్ చేయండి. లాగినప్పుడు ఊడేది ముఖమే కావచ్చు.

నలుపు-తెలుపు ఫోటో అయినా స్కానర్‌ని రంగులోనే పెట్టండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ తర్వాతి పనంతా దీని మీదే నిలబడుతుంది. 1200 dpi, 48-bit color, TIFF ఫైలు. మా ఫోటో 3 అంగుళాలకి 4. ఆ లెక్కన 3600కి 4800 పిక్సెళ్ళు వచ్చాయి. 8కి 10 అంగుళాల ప్రింటుకి 2400కి 3000 ఉంటే చాలు కాబట్టి, పక్కలు కత్తిరించుకోవడానికి కూడా మిగిలింది. ఇంతకన్నా పెంచితే వచ్చేది కాగితపు నార తప్ప అమ్మమ్మ కాదు.

అంచుల్లో మెరుపు ఉందన్నాను కదా. పొరలోని వెండి పైకి తేలి పేరుకుంటే అలా అవుతుంది, స్కాన్‌లో నీలంగా మసకేస్తుంది. అప్పుడు స్కానర్ కన్నా కెమెరా నయం. ఫోటోని గోడకి నిలబెట్టి, రెండు పక్కలనుంచీ ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి, ఎదురుగా నిలబడి తీయండి. ఫ్లాష్ వద్దు. మెరుపు వెలుతురుని పక్కకి కొడుతుంది, మీ కెమెరాలో పడదు.

ఏ చానెల్లో అమ్మమ్మ ఉందో చూడడం

నేను వాడింది GIMP అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు, ఈ పనికి సరిపోతుంది. స్కాన్ తెరిచి, `Colors > Components > Decompose` లోకి వెళ్ళి, `RGB` ఎంచుకోండి. ఫోటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడిపోతుంది. ఒక్కో పొరా ఒక నలుపు-తెలుపు ఫోటో. ఒక్కొక్కటే కన్ను గుర్తు నొక్కి చూడండి.

ఇక్కడ మీ ఫోటోకి పట్టిన జబ్బేమిటో తెలుస్తుంది. బొమ్మే వెలిసి పసుపు-గోధుమరంగులోకి తిరిగితే, ఆ పసుపు నీలి వెలుతురుని మింగుతుంది కనుక, నీలం పొరలో బొమ్మ గట్టిగా కనిపిస్తుంది. మామూలుగా చూస్తే మాయమైన చీర మడతలు అక్కడ బయటపడతాయి. అలాకాక బొమ్మ బాగానే ఉండి పైన టీ మరకో చెమ్మ మరకో పడితే, అదే నీలం పొరలో మరక నల్లటి మచ్చలా కూర్చుంటుంది. ఎరుపు పొరలో దాదాపు కనిపించదు. మా ఫోటోలో రెండూ ఉన్నాయి. చీరకి నీలం పొర తీసుకుని, ఎడమ పక్క మరక పడ్డ మేరకు ఎరుపు పొర అతికించాను. చేతిలో ఉన్న ప్రింటులో చీర ఒక బూడిదరంగు ముద్ద. నీలం పొర చూసేసరికి కుచ్చిళ్ళు లెక్కపెట్టగలిగాను.

తర్వాత `Colors > Curves`లో గీతని కొద్దిగా ఎస్ ఆకారంలో వంచండి. ముఖం దగ్గర ఆగండి. చీర బాగా కనిపించేదాకా పెంచుకుంటూ పోతే ముఖం సున్నం కొట్టినట్టవుతుంది. చీరకి వేరుగా, ముఖానికి వేరుగా చేసుకోవడమే దారి. ముఖంలో ఇంకేమీ ముట్టుకోకండి. కళ్ళకి పదును పెట్టడం, కనుబొమ్మలు దిద్దడం మొదలుపెట్టారా, ఫోటోలో ఎవరో చక్కటి పిల్ల ఉంటుంది, మీ అమ్మమ్మ ఉండదు.

మచ్చలు తుడిచే ముందు

ఇక్కడ నేను తప్పు చేశాను. స్కాన్ పెద్దది చేసి చూస్తే చీర మీద, జడ మీద, భుజాల మీద తెల్లటి చుక్కలు. దుమ్మనుకున్నాను. `Heal` పనిముట్టు తీసుకుని ఎడమ భుజం మీద పది పన్నెండు తుడిచేశాను. కుడి భుజం దగ్గరికి వచ్చాక ఒక చుక్క కింద నీడ కనిపించింది.

దుమ్ముకి నీడ ఉండదు. అవి అక్షింతలు!

దెబ్బ కాగితం మీదిదా, లేక ఆ రోజు కెమెరా ముందు నిజంగా ఉన్నదా తేల్చుకోవడానికి మూడు పరీక్షలు పెట్టుకోండి. మొదటిది పదును. గీతలు, దుమ్ము, ఊడిన పొర స్కాన్‌లో కత్తితో కోసినట్టుంటాయి. ఫోటోలోని వస్తువులు లెన్సులోంచి వచ్చినవి కనుక పక్కనున్న నగ ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉంటాయి. రెండోది చోటు. కాగితపు దెబ్బకి చీరా గోడా ఒకటే, అన్నిటి మీదా సమంగా పడుతుంది. అక్షింతలు నిలిచే చోటే నిలుస్తాయి, అంటే పాపిట్లో, భుజం పైన, పైట మడతల్లో, ఒడిలో. నిలువుగా జారే కుచ్చిళ్ళ మీద ఉండవు, వెనక గోడ మీద ఉండనే ఉండవు. మూడోది నీడ. ముక్కు నీడ ఏ పక్క పడిందో చూడండి, గింజ నీడా అదే పక్క పడాలి. అప్పటికీ అనుమానముంటే అసలు ఫోటోని పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చూడండి. పొర ఊడిన చోట చిన్న గుంట తెలుస్తుంది.

అదృష్టం కొద్దీ నేను తుడిచింది విడి పొర మీద. మీరూ అలాగే చేయండి. ఫోటో పొరకి నకలు తీసి, దానికి `Add Alpha Channel` పెట్టుకుని, ఆ నకలు మీదే తుడిస్తే, కింది ఫోటో చెక్కుచెదరదు. ఆ పొరలో ఎడమ భుజం మేరకు చెరిపేస్తే తీసేసిన గింజలన్నీ తిరిగొచ్చాయి.

రంగు కోసం ఊరంతా అడగడం, ఆవిణ్ణి తప్ప

ఆశ్చర్యపరచాలంటే ఆవిణ్ణే అడగలేం. మా అమ్మ "ఎరుపే, పెళ్ళిచీర ఇంకే రంగుంటుంది" అంది. పెద్దమ్మ మామిడిపండు రంగంది. చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, "చిలకాకుపచ్చే, నాకు గుర్తే" అని కొట్టినట్టు చెప్పింది. అయితే పెళ్ళినాటికి ఆవిడకి అయిదేళ్ళు.

ఇలాంటప్పుడు ఎవరు గట్టిగా చెప్పారన్నది చూడకండి, ఫోటోనే సాక్ష్యం అడగండి. రంగు చెప్పలేకపోయినా ఏది ఏ రంగు కాదో అది చెప్పగలదు. ఫోటోలో రంగు ఖాయంగా తెలిసిన వస్తువు వెతకండి. మాకు నుదుటి బొట్టు ఉంది, అది కుంకుమ ఎరుపు. ఫోటోలో దాదాపు నలుపు. చీర అంచు కూడా అంతే నలుపు. చీర ఒళ్ళు మాత్రం దానికన్నా చాలా తేట. ఒకే వెలుతురులో, ఒకే ఫిల్ము మీద ఒకే ఎరుపు రెండు రకాలుగా పడదు. కాబట్టి అంచు ఎరుపు కావచ్చు, ఒళ్ళు ఆ ఎరుపు కాదు. పట్టు మెరుస్తుంది కదా అంటారా, అందుకే వెలుతురు తగిలిన మడతల్ని వదిలేసి, నీడలో ఉన్న చోట పోల్చాలి.

బూడిదరంగుని అంకెల్లో కొలిచి రంగు పేరు చెప్పేద్దామనుకోకండి. పాత ఫిల్ముల్లో ఆర్థోక్రొమాటిక్ అనే రకానికి ఎరుపు అసలు కనబడదు, నల్లగా పడుతుంది. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ అన్ని రంగుల్నీ చూస్తుంది. మీ ఫోటో ఏ ఫిల్ము మీద తీశారో తెలియనప్పుడు ఏది ఎక్కువ నలుపు, ఏది తక్కువ నలుపు అన్న వరసని మాత్రమే నమ్మవచ్చు.

ఇక మిగిలింది గుడ్డ ముక్క. పాత పట్టుచీరలు ఊరికే పోవు. బొంతలవుతాయి, దిండు గలీబులవుతాయి, పిల్లల పరికిణీలవుతాయి. అమ్మమ్మతో చీర మాట ఎత్తకుండా, మా అమ్మ చిన్ననాటి బట్టల గురించి అడిగాను. "నా పెళ్ళిచీర చింపే దానికి పరికిణీ కుట్టించా" అంది ఆవిడే, వత్తులు చేసుకుంటూ. ఆ పరికిణీ ఇనప్పెట్టె అడుగున దొరికింది. పైకి చూస్తే ఏ రంగో చెప్పలేని ఎండుగడ్డి రంగు. కానీ పిల్ల ఎదుగుతుంది, విప్పుకోవచ్చని పరికిణీకి టక్కులు వేస్తారు కదా, వాటిలో కిందిది ఎప్పుడూ విప్పలేదు. కుట్టు నాలుగంగుళాల మేర ఊడదీశాను. లోపల చిలకాకుపచ్చ, నిన్న మగ్గం దిగినట్టు.

రంగు వెలిసేది వెలుతురుకీ ఉతుకుకీ. అందుకని గుడ్డ ముక్క దొరికితే ఎప్పుడూ పైరంగు చూడకండి. మడత లోపల, కుట్టు కింద, అస్తరు వెనక చూడండి. అంచు ముక్క కూడా అక్కడే ఉంది, మిరపపండు ఎరుపు.

మా అమ్మకి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. "నా పరికిణీ గడ్డి రంగే అనుకున్నా ఇన్నేళ్ళూ" అంది.

గుడ్డ రంగుని ఫోటోలోకి తేవడం

ముక్కని కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫోటో తీయండి, ఎండ నేరుగా పడకూడదు. పక్కన ఒక తెల్లకాగితం, దాని మీద చిటికెడు కుంకుమ పెట్టండి. కాగితం ఎందుకంటే, `Colors > Levels`లో తెలుపు ఎంచే గుర్తుతో దాని మీద నొక్కితే కెమెరా కలిపిన నీలమో పసుపో పోతుంది. కుంకుమ ఎందుకంటే, ఈ ఫోటోని `Desaturate` చేసి చూసినప్పుడు కుంకుమా గుడ్డా పాత ఫోటోలోని బొట్టూ చీరా ఉన్న వరసలోనే రావాలి. మాకు వచ్చాయి. చిన్నమ్మమ్మ గెలిచింది.

గుడ్డని పరిచి తీయకండి. చిన్న కుచ్చిళ్ళు పెట్టి, పాత ఫోటోలో వెలుతురు ఏ పక్కనుంచి పడిందో ఆ పక్కనే కిటికీ ఉండేలా తీయండి. పట్టులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉండడం మామూలే. మా ముక్కలో పడుగు పచ్చ, పేక పసుపు. అందుకని వెలుతురు తగిలిన మడత మీద పసుపు తేలుతుంది, లోతులో ముదురు పచ్చ దిగుతుంది. ఈ తేడా పట్టుకోకపోతే చీర ప్లాస్టిక్ కాగితంలా వస్తుంది. రంగు తీసే `Color Picker`లో `Sample average` పెట్టి, నేత రెండు రంగులూ కలిసేలా వెడల్పు పెంచి, మూడు చోట్ల తీసుకోండి. మడత పైన ఒకటి, పక్కన ఒకటి, లోతులో ఒకటి.

ఇప్పుడు పాత ఫోటో దగ్గరికి రండి. ముందు `Image > Mode > RGB` నొక్కండి. విడదీసిన పొరలోంచి వచ్చిన ఫోటో గ్రేస్కేల్‌లో ఉంటుంది, అది మార్చకపోతే మీరు ఏ రంగు పూసినా బూడిదే పడుతుంది. నేను దీనికో సాయంత్రం పోగొట్టుకున్నాను. తర్వాత చీర ఒంటికి ఒక కొత్త పొర వేసి, దాని `Mode`ని `LCh Color` చేయండి. అప్పుడు వెలుగునీడలు కింది ఫోటోవే ఉంటాయి, మీరు పూసిన దాంట్లోంచి రంగు మాత్రమే దిగుతుంది. మధ్యరంగు అంతటా పూసి, మెత్తటి కుంచెతో మడతల పైన పసుపు కలిసిన పచ్చ, లోతుల్లో ముదురు పచ్చ వేయండి. అంచుకి వేరే పొర, జాకెట్టుకి వేరే పొర, మనిషి ఒంటికి వేరే పొర, అక్షింతలకి ఇంకోటి. ఒక్కోదానికి పేరు పెట్టుకోండి.

రంగు అతిగా ఉందో లేదో తెరకి రెండు గజాల దూరం వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ముఖం కన్నా ముందు చీర కంటబడితే ఎక్కువైనట్టే. ఆ పొర `Opacity` 70 దాకా దించండి.

జరీ ఒక్కటీ మాట వినదు. జరీ వెలుతురు తగిలిన చోట తెల్లగా, తగలని చోట నల్లగా పడుతుంది. అంచంతా పసుపు పూసేస్తే పసుపు రిబ్బనవుతుంది. తెల్లటి మెరుపుల్ని అలాగే వదిలేసి, మధ్య వెలుతురులో గోధుమ కలిసిన పసుపు పూయండి. దొరికిన ముక్కలోని జరీ రంగుని మాత్రం నమ్మకండి, వెండి గాలికి నల్లబడుతుంది. పెళ్ళినాడు అది కొత్త చీర. నేను బంగారు జరీ అని ఊహించి వేశాను.

పని ఆపిన ప్రతిసారీ `.xcf`గా దాచండి. అందులో పొరలన్నీ విడివిడిగా నిలుస్తాయి.

ప్రింటు, చూపించడం

మ్యాట్ కాగితం మీద వేయించండి. నిగనిగలాడే కాగితం మీద పెద్దవాళ్ళకి ముందు కిటికీ కనిపిస్తుంది, తర్వాతే మనిషి. తెర మీద కన్నా ప్రింటు ముదురుగా వస్తుంది, కాబట్టి పెద్దది వేయించే ముందు ముఖం, అంచు ఉన్న చిన్న ముక్కని వేయించి పగటిపూట చూసుకోండి. నాది మొదటిసారి ముదురు పచ్చగా, కాకరకాయలా వచ్చింది. కొంచెం తేట చేసి మళ్ళీ వేయించాను.

చూపించేటప్పుడు చుట్టూ జనం వద్దు, ఫోన్‌తో వీడియో తీయడమూ వద్దు. పగటి వెలుతురు, కళ్ళద్దాలు, కూర్చోడానికి పీట ఉంటే చాలు. ఏమీ చెప్పకుండా ఒడిలో పెట్టండి.

అమ్మమ్మ ముందు చీరనే చూసింది. వేలితో అంచు వెంట పోయి, పైట దాకా వెళ్ళి, అక్కడినుంచి ముఖం మీదికి వచ్చి ఆగింది.

"ఇది నేనేనా?"

"నువ్వే."

"పచ్చచీరని ఎవరు చెప్పారే నీకు?"

పరికిణీ టక్కు సంగతి చెప్పాను. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఇది ఎరుపంది కదూ," అంది అమ్మమ్మ దాన్ని చూపించి. "దానికెప్పుడూ అంతే."

మళ్ళీ ఫోటోలోకి వంగింది. జరీ తప్పట. వెండి జరీ, తెల్లగా ఉండేదట, వాళ్ళ నాన్న బంగారు జరీ కొనలేకపోయాడట. ఆ మాట మామూలుగానే అంది. జరీ పొర విడిగానే ఉంది, పసుపు తీసేయడానికి పది నిమిషాలు చాలు. సరిచేసి తెస్తానన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు. ఫోటోని దగ్గరికి తెచ్చుకుని, ఎడమ భుజం మీదున్న ఒక అక్షింతని గోటితో గీకి తీయబోతోంది.